చచ్చిన ఎద్దులో నా వాటా

నేను పశువుల దళారీగా బతికినవాణ్ణి. తువ్వాలు కింద చేతులు దూర్చి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునే బేరం మాది. పైన మొహాలు నవ్వుతూనే ఉంటాయి, కింద వేళ్ళు పీకల మీదికి వస్తుంటాయి. పదిహేనో ఏట నుంచి ఆ పనిలో ఉన్నాను కాబట్టి ఎదుటివాడి మొహం చూసి నమ్మడమనేది నాకు అలవాటు కాలేదు. చిల్లర ఇచ్చినా రెండుసార్లు చూసుకునేవాణ్ణి. ఎవరైనా ఊరికే పలకరిస్తే ఏం కావాలో అనుకునేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది. "మజ్జిగ పోస్తే కూడా వాసన చూసి తాగుతారేంటండీ? నేనేం కలిపాననుకుంటున్నారు?" అనేది. నవ్వితే నవ్విందిలే అనుకునేవాణ్ణి. ఇన్నేళ్ళ తర్వాత చెబుతున్నాను, అనుమానించాల్సిన మనిషిని ఒక్కణ్ణి మాత్రం నేను అనుమానించలేదు. అది నేనే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, ఎండాకాలానికి ముందు, జగ్గయ్యపేట పశువుల సంత ఆశీలు మేం ముగ్గురం కలిసి పాడాం. ఆశీలంటే సంతలో పశువు అమ్ముడైతే తలకింతని వసూలు చేసుకునే హక్కు. ఏడాదికి వేలం వేస్తారు, ఎక్కువ పాడినవాడికి ఇస్తారు. మా ముగ్గురిలో ఒకాయన తాళ్ళ శెట్టిగారు. బజారులో పగ్గాలు, పలుపులు, బొక్కెన తాళ్ళు అమ్మే కొట్టు ఆయనది. రెండో ఆయన పక్క ఊరి మోతుబరి రైతు, నేను బాబాయ్ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. మూడోవాణ్ణి నేను. డబ్బు వాళ్ళిద్దరిదే ఎక్కువ. తిరుగుడు, వసూలు, కాగితాలు నావి. లాభమొచ్చినా నష్టమొచ్చినా మూడు సమానభాగాలు అనుకున్నాం.

శెట్టిగారికి అప్పటికే రెండు కళ్ళకీ పొరలు వచ్చాయి. వెలుగూ చీకటీ తెలిసేవి, మనిషి నీడలా కనిపించేవాడు, అక్షరం మాత్రం కనిపించేది కాదు. తాడు చేత్తో తడిమి ఎన్ని పేటలో చెప్పేవాడు. మనుషుల్ని గొంతు విని పోల్చుకునేవాడు. పాట ఖాయమయ్యాక షరతుల కాగితం నా చేతికి వచ్చింది. "అబ్బాయీ, ఒకసారి చదివి వినిపించు" అన్నాడు. చదివాను. రెండు పేజీలు. కిస్తీలూ తేదీలూ మాత్రమే ఆయనకి పైకి వినిపించాను, మిగతాది నాలో నేనే చదువుకున్నాను. సంత ఆవరణ హద్దులు అందులో ఉన్నాయి. తూర్పున వాగు మీది తూము పక్కన పాతిన రాయి వరకే. ఆ రాయి దాటితే బెజవాడ పోయే పెద్ద రోడ్డు. ఆ రోడ్డు మాది కాదు. అక్కడ పోయే పశువు మీద మాకు ఏ హక్కూ లేదు. నాకు అక్షరం అక్షరం అర్థమైంది. అది గుర్తుంచుకోండి.

పాట ఎక్కువకి పాడేశాం. నేనే రెచ్చగొట్టాను. తీరా సంత చూస్తే పలచబడిపోయింది. అవతల నైజాంలో గొడవలు ముదురుతున్నాయి. అక్కడి రైతులు సంతకు పశువుల్ని తోలుకు రావడం మానేసి, ఏదో భయంతో దొరికిన ధరకి అక్కడికక్కడే అమ్ముకుంటున్నారు. కొన్నవాళ్ళు ఆ పశువుల్ని మా సంతలోకి తేకుండా పెద్ద రోడ్డు మీదుగా నందిగామ వైపు తోలుకుపోతున్నారు. మా కళ్ళముందే వందల డెక్కలు పోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పాట డబ్బు కిస్తీ దగ్గర పడుతోంది.

ఒక సంత రోజు మధ్యాహ్నం నందిగామ బండి సాయిబు ఒకడు వచ్చాడు. కిరాయికి బండి తోలుకునేవాడు. అవతల కొన్న ఎద్దుల జతని బండి వెనక కట్టుకుని పోతున్నాడు. రాయి దాటి యాభై గజాలు వెళ్ళాక నేనూ బాబాయీ అడ్డుపడ్డాం. "ఆశీలు కట్టి పో" అన్నాను.

"మీ సంతలో కొనలేదండీ. ఇది సర్కారు రోడ్డు. నేనెందుకు కట్టాలండీ?" అన్నాడు.

మాటా మాటా పెరిగింది. ఇంతలో శెట్టిగారు చేతికర్ర ఆనించుకుంటూ వచ్చాడు. ఏం గొడవని అడిగాడు. నేను చెప్పాను. ఆయన నన్ను పక్కకి పిలిచి, చెయ్యి పట్టుకుని, "అబ్బాయీ, రోడ్డు మన పాటలోకి వస్తదా? నువ్వు చదివావుగా" అన్నాడు.

"వస్తదండీ. వాగు అవతలి దాకా మనదే" అన్నాను.

అంతే. పెద్దగా ఆలోచించి ఆడిన అబద్ధం కూడా కాదు. కిస్తీ భయం, ఎండ, సాయిబు మీద కోపం. "అయితే కట్టెయ్యండి, డబ్బు తెచ్చి విడిపించుకుపోతాడు" అన్నాడు శెట్టిగారు. ఎద్దుల్ని ఆయన దొడ్లోనే కట్టేశాం, సంతకి ఆనుకుని ఉండేది కాబట్టి. సాయిబు పంతం పట్టాడు, కట్టనన్నాడు. నాలుగు రోజులు పోయాయి. శెట్టిగారు స్వయంగా నీళ్ళు పెట్టేవాడు, జనపకట్ట వేసేవాడు. కొత్త చోటు, మండే ఎండ, ఒక ఎద్దు మేత ముట్టడం మానేసింది. అయిదో రోజు పొద్దున చచ్చిపోయింది. రెండోదాన్ని ఆశీలు అడక్కుండా వదిలేశాం, భయపడి.

సాయిబు నందిగామ మునసబు కోర్టులో మా ముగ్గురి మీదా దావా వేశాడు. చచ్చిన ఎద్దు ధర, రెండో ఎద్దుని ఆపినందుకు నష్టం, బండి ఆగిపోయిన కిరాయి. రోడ్డు మా హద్దులోదే అని మేం ముగ్గురం ఒకే మాట మీద వాదించాం. జడ్జిగారు షరతుల కాగితం చూసి, రోడ్డు మీకు చెందదు, పట్టుకోవడమే తప్పు అన్నారు. ఖర్చులతో కలిపి ఆరువందల చిల్లరకి ముగ్గురి మీదా ఉమ్మడిగా డిక్రీ ఇచ్చారు. ఎవరి వంతు ఎంతని అందులో రాయలేదు. ఆ రోజు కోర్టు బయట శెట్టిగారు నాతో అన్నది ఒకే మాట: "పోనీలే అబ్బాయీ, కాగితం అర్థం కావడంలో పొరపాటు పడ్డావు. లాయర్లకే అర్థం కాదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. పొరపాటు అనుకున్నాడు, హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు పడలేదు. అదీ నా బతుకు.

కొన్ని నెలలకి కోర్టు అమీనా వచ్చాడు, జప్తు వారంటుతో. నా ఇంటికి రాలేదు, బాబాయి ఊరికి పోలేదు. తిన్నగా బజారులో శెట్టిగారి కొట్టుకి పోయి తాళ్ళ చుట్టలన్నీ బయటికి లాగించాడు. నడి బజారు. జనం మూగారు. శెట్టిగారు ఆ కొట్టునే ఒక వడ్డీ వ్యాపారికి తనఖా పెట్టి, డబ్బు తెచ్చి, మొత్తం కోర్టులో కట్టేశాడు. తనఖా గడువు మళ్ళీ మిరప పంట వచ్చేదాకా. ఆ లోపు మా ఇద్దరి వాటాలు అందితే కొట్టు నిలుస్తుంది. లేకపోతే పోతుంది. కళ్ళు లేని మనిషికి ఇంకో వ్యాపారం ఏముంది? ఆ గోడలు, ఆ మేకులు, ఏ మేకుకి ఏ తాడో, అదంతా ఆయనకి చేతి వేళ్ళలో ఉండేది.

అప్పుడు మొదలైంది నా రోగం. ముగ్గురి మీద డిక్రీ ఉంటే ఒక్కడి కొట్టుకే ఎందుకు వచ్చారు? బాబాయి ఒకరోజు చుట్ట వెలిగించుకుంటూ అన్నాడు.

"ఒరేయ్, నాకేదో తేడాగా ఉందిరా. ఆ సాయిబూ, శెట్టీ ఒకటైపోయారేమో. సగానికి రాజీ చేసుకుని, మొత్తం కట్టినట్టు చూపించి, మన దగ్గర రెండొంతులు గుంజితే? మనమే వెర్రివాళ్ళం."

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. దోషం అటు తిరిగిపోయింది. ఆపైన నందిగామలో నాకు తెలిసిన టీ కొట్టువాడు, శెట్టిగారూ సాయిబూ ఒకే బల్ల మీద కూర్చుని మాట్లాడుకోవడం చూశానన్నాడు. ఇంకేం కావాలి? శెట్టిగారు వాటా అడగడానికి మా ఇంటికి వస్తే, "చూద్దామండీ, కాస్త లెక్క తేలాలి" అన్నాను. బాబాయి అయితే ఇంట్లో లేనని చెప్పించాడు. శెట్టిగారు మూడుసార్లు వచ్చాడు. మూడోసారి గుమ్మం మెట్టు తడుముకుంటూ దిగుతూ, "తేలిస్తే చాలు అబ్బాయీ, గడువు దగ్గరకి వస్తంది" అన్నాడు. నటిస్తున్నాడు ముసలాడు అనుకున్నాను.

తర్వాత నోటీసు వచ్చింది, ఆ వెనకే దావా. మొత్తం తానే కట్టినందుకు మిగిలిన ఇద్దరి నుంచీ చెరో మూడోవంతు ఇప్పించమని. అదే నందిగామ కోర్టులో.

బాబాయీ నేనూ బొగ్గుతో నడిచే బస్సెక్కి నందిగామ పోయి ఒక పెద్ద ప్లీడర్ని పెట్టుకున్నాం. ఆయన కాగితాలన్నీ చూసి, కళ్ళద్దాలు తీసి, మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు.

"మొత్తం కట్టాడన్నది నిజమే. కోర్టులో జమ అయింది, డిక్రీ పూర్తిగా తీరిందని రాసుకున్నారు. చాటుగా రాజీ అంటే నేను నిరూపించలేను. రికార్డు అలా లేదు" అన్నాడు.

"అయితే మా గతేంటండీ?" అన్నాడు బాబాయి.

"ఒక దారి ఉంది. ఇది ముగ్గురూ కలిసి తీసుకున్న అప్పు లెక్క కాదు, ఇది నేరం లాంటి తప్పు. ఇంగ్లండులో ఎప్పటిదో ఒక తీర్పు ఉంది. కలిసి తప్పు చేసినవాళ్ళలో ఒకడు మొత్తం కట్టేస్తే మిగతావాళ్ళని వాటా అడగడానికి లేదన్నారు. మన కోర్టులు దాన్ని అంత గట్టిగా పట్టుకోవు. అడిగేవాడు ఏం తెలిసి చేశాడన్నది చూస్తాయి. తప్పని తెలిసి చేసినవాడైతే, నీ సంగతి మాకెందుకు పో అంటాయి. హక్కుందని నమ్మి చేసినవాడైతే వాటా ఇప్పిస్తాయి."

"మాకు తెలుసా లేదా అన్నది?" అన్నాను.

"మీకు తెలుసా అన్నది కాదయ్యా ముఖ్యం. శెట్టికి తెలుసా అన్నది. శెట్టికి తెలుసంటే మీరు బయటపడతారు. తెలియదంటే చెరో మూడోవంతు కక్కాలి."

బాబాయి నా వైపు చూశాడు. "ఆయనకి తెలుసండీ. ముగ్గురికీ తెలుసు. అంతా కలిసే చేశాం" అన్నాడు. చిత్రం చూడండి, డబ్బు కట్టకుండా ఉండాలంటే మేం దొంగలమని కోర్టులో మేమే ఒప్పుకోవాలి. మామూలు మనిషి మంచివాణ్ణని చెప్పుకుంటాడు, మేం చెడ్డవాళ్ళమని చెప్పుకోవడానికి ప్లీడరుకి ఫీజు ఇచ్చాం.

"నువ్వేమంటావు?" అన్నాడు ప్లీడరు నాతో. "షరతుల కాగితం చదివింది నువ్వట. నీ మాటే గట్టిది."

"తెలుసండీ ఆయనకి" అన్నాను. అలాగే జవాబు రాయించి సంతకం పెట్టాను. సంతకం పెడుతున్నప్పుడు కూడా నా మనసులో ఒకటే: ఆ ముసలాడు సాయిబుతో కుమ్మక్కయ్యాడు, దొంగకి దొంగ దెబ్బ.

కానీ విచారణకి వారం ముందు ఆ అనుమానం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. రుజువు దొరికితే ఇంకా గట్టిగా కొట్టొచ్చు కదా అని ఒక్కణ్ణే నందిగామ పోయి సాయిబు ఇల్లు వెతికి పట్టుకున్నాను. చావడిలో చక్రానికి కందెన పెడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"శెట్టిగారు నీకు చాటుగా ఎంత ముట్టజెప్పాడు? నిజం చెప్పు" అన్నాను.

"నాకెవరండీ చాటుగా ఇచ్చేది? కోర్టులోంచే తీసుకున్నా, చీటీ ఉంది" అన్నాడు.

"మరి ఇద్దరూ ఒక బల్ల మీద కూర్చున్నారటగా?"

కందెన చెయ్యి గుడ్డకి తుడుచుకుని అప్పుడు నా మొహంలోకి చూశాడు. "వచ్చాడు. జప్తు ముందే వచ్చాడు. మీ ముగ్గురి దగ్గరా మూడు భాగాలుగా వసూలు చేసుకోమని అడగడానికి వచ్చాడు. నా భాగం ఇప్పుడే ఇస్తా, మిగతావి వాళ్ళిస్తారు, మంచోళ్ళు అన్నాడు. మా వకీలు ఒప్పుకోలా. డిక్రీ ముగ్గురి మీదా ఉంది, బజారులో కొట్టున్న వాణ్ణి పట్టుకో, డబ్బు ఒక్కసారే వస్తది అన్నాడు. అంతే. ఇంకేం అడగాలండీ?"

నేను వెనక్కి తిరిగాను.

"ఒకటి చెప్పనా?" అన్నాడు సాయిబు. "ఆ ముసలాయన ఎద్దు సంగతి కూడా మాట్లాడాడు. దొడ్లో ఏం పెట్టాడో, ఎప్పుడు మేత మానిందో చెప్పాడు. నీళ్ళు తాగించడానికి ఎంత చూసినా తాగలేదన్నాడు. అది నేను పెంచిన పశువు కూడా కాదు, కొని రెండు రోజులే. ఆయనే ఏడ్చాడు."

అక్కడి నుంచి బస్సు దగ్గరకి నడిచొచ్చాను. నా అనుమానం పోవాలి కదా, పోలేదు! నమ్మండి, ఆ మనిషి నాకు అన్నం పెట్టినా అనుమానించేవాణ్ణి. సాయిబు కూడా అబద్ధమాడుతున్నాడేమో, శెట్టి నేర్పించాడేమో అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ అప్పటిదాకా ఈ దావా సంగతిలో నోరెత్తలేదు. "ఏవండీ, ఒకటి అడుగుతా. మీరు ఇంతమందిని అనుమానిస్తున్నారే, ఆ రోజు ఆయనకి మీరేం చెప్పారు?" అంది.

"నీకెందుకు?" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

విచారణ రోజు నందిగామ కోర్టు వరండా కిటకిటలాడింది. శెట్టిగారిని మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ముందు ఆయన్నే బోనెక్కించారు. ఆయన ప్లీడరు అడిగినదానికి తిన్నగా చెప్పాడు. మొత్తం కట్టాను, కొట్టు తనఖాలో ఉంది, వాళ్ళ వాటాలు ఇవ్వలేదు. తర్వాత మా ప్లీడరు లేచాడు.

"పాట షరతుల కాగితం మీ దగ్గర ఉందా?"

"అబ్బాయి దగ్గరుందండి."

"అందులో రోడ్డు లేదని మీకు తెలుసు. తెలిసే ఎద్దుల్ని కట్టేయించారు. అవునా?"

"తెలియదండి. నాకు కళ్ళు కనిపించవు. అబ్బాయి చదివాడు. రోడ్డు మనదేనా అని ఆ రోజు అడిగా. మనదే అన్నాడు."

"అంటే అతను మీకు అబద్ధం చెప్పాడంటారు."

నేను బెంచీ మీద అంచుకి జరిగాను. ఇప్పుడు నన్ను తిడతాడు అనుకున్నాను. తిడితే బాగుండు, నాకు కోపం వస్తది, నేను రాసుకొచ్చిన మాట చెప్పేస్తాను. శెట్టిగారు, ప్లీడరు గొంతు ఎటునుంచి వస్తుందో అటు తల తిప్పి అన్నాడు:

"కాదండి. తప్పుగా చదివుంటాడు. అబద్ధం ఆడేవాడు కాదు. ఆ గొంతు అబ్బాయి చిన్నప్పటినుంచీ నాకు తెలుసు."

మా ప్లీడరు సంతోషించాడు, నాకు తెలుసు. నేను అబద్ధమాడనని శెట్టిగారే చెప్పాడు, ఆయన పని సగం అయిపోయింది. ఇక నేను బోనెక్కి, హద్దులు శెట్టిగారికి నేను చదివి వినిపించాను, రోడ్డు మనది కాదని ఆయనకి తెలుసు, అంటే చాలు. అటు ముసలాడి మాట, ఇటు నా మాట. కాగితం చదివినవాడి మాట కోర్టు నమ్మే అవకాశం ఉంది. బాబాయి నా భుజం తట్టాడు.

బోనెక్కాను. దేవుడి ఎదుట నిజం చెబుతానన్నాను. మా ప్లీడరు రెండు మామూలు ప్రశ్నలు అడిగి, అసలు ప్రశ్నకి వచ్చాడు. "ఎద్దుల్ని పట్టుకునేముందు, రోడ్డు మీ హద్దులో లేదని ముగ్గురికీ తెలుసు కదా?"

నోట్లో మాట సిద్ధంగా ఉంది. రాదే! ఛీ, నేను మంచివాణ్ణని ఇది చెప్పడం లేదు. మంచివాణ్ణయితే ఏడాది ముందే చెప్పేవాణ్ణి. ఆ ముసలాయన చెవి ఇటు పెట్టి నా గొంతు కోసం చూస్తున్నాడు. అబద్ధమాడుతున్నానని ఆయన గొంతులోనే పట్టేస్తాడనిపించింది. పట్టలేకపోతే అది ఇంకా ఘోరం అనిపించింది.

"శెట్టిగారికి తెలియదండి" అన్నాను.

మా ప్లీడరు గుడ్లురిమాడు. "బాగా ఆలోచించి చెప్పు. నీ జవాబు కాగితంలో..."

"ఆ కాగితంలో రాయించింది అబద్ధమండి. ఆయనకి తెలియదు."

శెట్టిగారి ప్లీడరు, బక్కగా ఉండే కుర్రాయన, లేచి ఒక్కటే అడిగాడు. "మరి మీకు తెలుసా?"

"తెలుసండి. కాగితం సరిగానే చదివా. ఆయనకే తప్పు చెప్పా."

ఇంకేం అడగకుండా కూర్చున్నాడు. నేను బోను దిగి బయటికొచ్చాను. బాబాయి వరండాలోనే నా చొక్కా పట్టుకున్నాడు. "ఎంత ముట్టింది రా నీకు? ఎంతకి అమ్ముడుపోయావు?" అని అరిచాడు. జనం నవ్వారు. నెల తిరక్కముందే జగ్గయ్యపేట అంతా అదే మాట. శెట్టి నాకు చాటుగా ఏదో ఇచ్చాడని, లేకపోతే వీడు ఇంత నిజం ఎందుకు చెబుతాడని. సంతలో తువ్వాలు కింద నాకు చెయ్యిచ్చి బేరమాడేవాళ్ళు తగ్గిపోయారు. ఎవణ్ణి తప్పు పడతాను? వాళ్ళ చోట నేనున్నా అలాగే అనుకుంటాను.

తీర్పు వచ్చింది. శెట్టిగారు హక్కుందని నమ్మి చేశాడు కాబట్టి వాటా అడిగే అర్హత ఉందన్నారు. ముగ్గురూ సమానంగా భరించాలి, కాబట్టి నేనూ బాబాయీ చెరో మూడోవంతూ, ఖర్చులూ. మా ప్లీడరు నాతో మాట్లాడటం మానేసినా ఆ రోజు మాత్రం అన్నాడు. "అదృష్టవంతుడివయ్యా. అసలు తప్పు నీదని తేలాక, మొత్తం నీ మీదే వెయ్యమని అడిగుంటే జడ్జిగారు ఏమనేవారో. అతను అడిగింది మూడోవంతే. అడగనిది కోర్టు ఇవ్వదు."

బాబాయి అప్పీలంటూ కొన్నాళ్ళు గంతులేసి, జప్తు భయానికి కట్టేశాడు. నేను మా ఆవిడ కాసులపేరు అమ్మి డబ్బు కూడగట్టాను. ఆవిడ తనే తీసి ఇచ్చింది. నా వాటాతో పాటు శెట్టిగారు భరించాల్సిన మూడోవంతు కూడా సంచిలో వేసుకున్నాను. అది ఆయనెందుకు భరించాలి? ఆ ఎద్దుని కట్టేయించింది నా అబద్ధమే కదా.

మిట్టమధ్యాహ్నం కొట్టుకి వెళ్ళాను. బేరాల్లేవు. ఆయన ఒక్కడే గుమ్మం దగ్గర కూర్చుని కొత్త పలుపు పేటలు వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నాడు. "శెట్టిగారూ, వాటా తెచ్చా" అన్నాను. తల ఎత్తలేదు.

నా వాటా లెక్కపెట్టి ఇచ్చాను. ఆయన మళ్ళీ చేత్తో లెక్కపెట్టుకుని పెట్టెలో వేశాడు. తర్వాత రెండో మూట ముందు పెట్టాను. "ఇదేంటి?" అన్నాడు.

"మీ వంతు కూడా నాదేనండి. నేనే..."

మూటని నా వైపు నెట్టేశాడు. కోపం లేదు, అదే ఇబ్బంది. "కోర్టు చెప్పింది మూడోవంతు. ఎక్కువ నాకొద్దు. నా దొడ్లో కట్టమన్నది నేను. నీళ్ళు పెట్టింది నేను. అది నేను మొయ్యాలి" అన్నాడు.

"క్షమించండి శెట్టిగారూ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆయన పలుపు పక్కన పెట్టాడు. పెట్టె మూత వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు. కొట్టు తనఖా విడిపించుకోవడానికి ఆ డబ్బు సరిపోతదేమో అని లోపల లెక్క కట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. అదీ నా బుద్ధి.

"అబ్బాయీ, ఒకటి చేసిపెట్టు" అన్నాడు చివరికి.

"చెప్పండి, ఏదైనా సరే."

"ఈ దారిన పోతుంటే నన్ను పలకరించకు. నీ గొంతు వింటే నమ్మాలనిపిస్తది నాకు. ఇప్పుడు కూడా అనిపిస్తంది. అది నాకు మంచిది కాదు."

కొట్టు ఆయన చేతిలోనే నిలిచింది. తర్వాత పదకొండేళ్ళు బతికాడు. సంతకి పోవాలంటే ఆ కొట్టు ముందునుంచే పోవాలి. వారంవారం పోయేవాణ్ణి. ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉండేవాడు. నేను నోరు మూసుకుని నడిచిపోయేవాణ్ణి.